1,024 నోడ్లు, ఐదు హాప్‌లు: మా డీహెచ్‌టీ ప్రాజెక్టు డైరీ

శనివారం, మారతహళ్ళి, బెంగళూరు

చేయదలచింది ఇది. నడిమధ్య ఏ సర్వరూ లేకుండా 1,024 నోడ్లు, అంటే నెట్‌వర్కులోని 1,024 ప్రోగ్రాములు, కలిసి ఒక పెద్ద పట్టికను పంచుకోవాలి. ఇలాంటి పట్టికనే డిస్ట్రిబ్యూటెడ్ హాష్ టేబుల్, పొట్టిగా డీహెచ్‌టీ అంటారు. ఏ నోడును అడిగినా, ఏ కీ, అంటే పట్టికలో విలువను వెతికే పేరు, ఎవరి దగ్గరుందో కొద్ది హాప్‌లలో, అంటే ఒక నోడు నుంచి మరో నోడుకు వేసే కొద్ది అడుగుల్లో తేలాలి. ఒక్కో నోడుకు మాత్రం మిగతా వాళ్ళలో కొద్దిమందే తెలిసి ఉండాలి. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా చిన్నాన్న కొడుకు సందీప్‌కు ఇది కాలేజీ ప్రాజెక్టు. నాకేమో పాత కక్ష: ఆఫీసులో ఏళ్ళ తరబడి ఎవరో రాసిన డీహెచ్‌టీ లైబ్రరీని వాడుతున్నానే తప్ప దాని పొట్టలో ఏముందో నా చేత్తో కట్టి చూడలేదు.

ముందు ఏ పద్ధతి అన్న వాదన. సందీప్ తరగతిలో కార్డ్ అనే డీహెచ్‌టీ పద్ధతిని చదువుకున్నాడు. 2001లో వచ్చిన ఆ పద్ధతిలో నోడ్లన్నీ ఒక వలయం మీద కూర్చుంటాయి, దూరాన్ని ఒకే దిశలో కొలుస్తారు. నేను కాడెమ్లియా వైపు మొగ్గాను. పెటార్ మేముంకోవ్, డేవిడ్ మాజియెర్ 2002లో ప్రకటించిన పద్ధతి అది. బిట్‌టొరెంట్ డీహెచ్‌టీకి మూలం కూడా అదే. నా మొగ్గుకు కారణం ఒక్కటే. వలయం మీద నా నుంచి నీకు ఉన్న దూరం, నీ నుంచి నాకు ఉన్న దూరం ఒకటి కావు. అందుకే నన్ను ప్రశ్న అడిగిన నోడు నా టేబుల్‌లో, అంటే నాకు తెలిసిన నోడ్ల చిరునామాల జాబితాలో, పనికొచ్చే చోట ఉంటుందన్న భరోసా లేదు. కాడెమ్లియాలో నోడ్లకూ కీలకూ ఒకే పొడవు ఐడీలు ఉంటాయి, కీ విలువ దాని ఐడీకి అతి దగ్గరి నోడ్ల దగ్గర ఉంటుంది. దూరం అంటే రెండు ఐడీల ఎక్సార్: బిట్లు తేడా ఉన్నచోట 1, కలిసినచోట 0. అది ఎటునుంచి కొలిచినా ఒకటే. కాబట్టి నాకు వచ్చే ప్రతి ప్రశ్నా ఉచితంగా ఒక కొత్త పరిచయాన్ని మోసుకొస్తుంది. టేబుల్‌ను తాజాగా ఉంచే పని సగం దానంతట అదే జరిగిపోతుంది.

సందీప్ ఒప్పుకున్నాడు, కానీ మెలిక పెట్టాడు: "అక్కా, ఐడీ 160 బిట్లు కదా. ఒక్కో హాప్‌కు ఒక్కో బిట్ సరిచేస్తే 160 హాప్‌లు పడవా?"

మంచి ప్రశ్న. జవాబు కోడ్‌లోనే తేల్చుకుందామన్నాను.

ఆదివారం

కోడ్ కన్నా ముందు కాగితం మీద చేశాం. 160 బిట్లు రాసుకోలేం కనుక 8 బిట్ల ఐడీలు తీసుకున్నాం. వెతికే కీ 10110110, అంటే 182. వెతకడం మొదలుపెట్టే నోడు 00100101, అంటే 37. రెండింటి ఎక్సార్ 10010011, అంటే దూరం 147.

ప్రతి నోడూ తనకు తెలిసిన వాళ్ళను బకెట్లుగా విడదీసి పెట్టుకుంటుంది. నాతో మొదటి బిట్ దగ్గరే విడిపోయిన వాళ్ళు ఒక బకెట్. మొదటిది కలిసి రెండో బిట్ దగ్గర విడిపోయిన వాళ్ళు మరొకటి. ఇలా చివరి బిట్ వరకు. ఏ నోడు ఏ బకెట్‌లోకి పోతుందో తేల్చడానికి ఈ రెండు వరుసలే చాలు:

```python
def bucket_index(a, b):
    return (a ^ b).bit_length() - 1
```

ఇక నడక. 37కీ కీకీ మొదటి బిట్ దగ్గరే తేడా. కనుక అది తన పై బకెట్‌లో, అంటే 1తో మొదలయ్యే ఐడీలున్న బకెట్‌లో చేయి పెడుతుంది. అక్కడ దొరికింది 11001010, అంటే 202. దానికీ కీకీ దూరం 124. ఇప్పుడు 202ను అడిగితే, తేడా రెండో బిట్ దగ్గర ఉంది కాబట్టి 10తో మొదలయ్యే బకెట్ తీస్తుంది. అందులో 10100011, అంటే 163 ఉంది. దూరం 21. తర్వాత 163 తన దగ్గరున్న 1011 వాళ్ళలోంచి 10110001ని, అంటే 177ను చూపిస్తుంది. దూరం 7. చివరగా 177 తన బకెట్ నుంచి 10110111ను, అంటే 183ను ఇస్తుంది. దూరం 1. ఆ కీకి అంతకన్నా దగ్గరి నోడు లేదు కనుక విలువ దాని దగ్గరే ఉండాలి. మొత్తం నాలుగు హాప్‌లు.

ఇక్కడ సందీప్ పట్టుకున్న విషయం నాకు నచ్చింది. "ప్రతి హాప్‌కూ దూరం సగమవుతుంది అంటారు కదా, 147 నుంచి 124కే దిగింది. ఇది సగం కాదు." నిజమే. సగమవుతుందన్న మాటను అంకెలకు అంటగడితే తప్పు. హామీ ఉన్నది మెట్ల విషయంలో. 147 ఉన్నది 128–255 మెట్టు మీద. 124 ఉన్నది 64–127 మెట్టు మీద. ఒక హాప్ వేస్తే కనీసం ఒక మెట్టు కచ్చితంగా దిగుతాం. 163 చేతికి రావడంతో 124 నుంచి 21కి, ఒక మెట్టు దాటేసి దిగాం. అది హామీ కాదు, అదృష్టం. అయితే లెక్కకు అందే అదృష్టం.

ఈ ఏర్పాటు మన పిన్‌కోడ్ లాంటిది. విజయవాడ 520, బెంగళూరు 560, రెండింటికీ మొదటి అంకె 5 కలిసింది. గువాహటి ఉత్తరానికి అక్కడి వీధులు తెలియక్కర లేదు, 7 వైపు పంపితే చాలు. 560037కు వచ్చిన ఉత్తరానికి మాత్రం సందు సందూ తెలియాలి. నోడు టేబుల్ కూడా అంతే: దూరపు సగానికి ఒకటో రెండో చిరునామాలు, ఇరుగుపొరుగుకు దాదాపు పూర్తి జాబితా.

సోమవారం రాత్రి

160 హాప్‌ల భయం ఇవాళ తీరింది. 1,024 నోడ్లకు యాదృచ్ఛికంగా 160 బిట్ల ఐడీలు ఇచ్చి, ఒక నోడు బకెట్లలో ఎవరెవరు పడగలరో లెక్కపెట్టి చూశాం. పై బకెట్‌కు అర్హులు సుమారు 512 మంది. దాని కిందిదానికి 256. ఆ కింద 128. ఇలా పది బకెట్లు దిగేసరికి ఒక్కరు మిగులుతారు. దాని కింద ఉన్న నూటయాభై బకెట్లూ దాదాపు ఖాళీ. అంత దగ్గరగా ఎవరూ లేకపోతే అక్కడ దిగాల్సిన మెట్లూ లేవు. హాప్‌ల సంఖ్య ఐడీ పొడవును బట్టి కాదు, నోడ్ల సంఖ్యను బట్టి నడుస్తుంది. 1,024 అంటే రెండును పదిసార్లు గుణించినది, అందుకే గరిష్ఠం పది చుట్టూ తిరుగుతుంది.

సగటు మాత్రం పది కాదు. ఒక్కో బకెట్‌లో ఒక్క చిరునామానే ఉంచి, ప్రతి నోడూ మరో నోడు ఐడీని వెతికేలా నడిపితే సగటు ఐదుకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. కారణం చిన్న తర్కంలో ఉంది. నోడ్లన్నిటినీ మొదటి బిట్ ఆధారంగా రెండు సగాలు చేయండి. నేను, నేను వెతికే నోడు ఒకే సగంలో ఉండే అవకాశం సగానికి సగం. ఉంటే ఆ బిట్‌కు హాప్ అక్కర లేదు. లేకపోతే ఒక హాప్ వేసి, ఆ సగంలో ఏదో ఒక నోడు మీద వాలతాం. రెండు సందర్భాల్లోనూ మిగిలింది 512 నోడ్ల సమస్యే. అంటే

```
T(N) = T(N/2) + 1/2,   T(1) = 0
T(N) = (1/2) * log2(N)
```

1,024కు ఐదు. 2,048కు ఐదున్నర. నోడ్లు రెట్టింపయితే సగటున పెరిగేది అర హాప్. పది లక్షలకు కూడా పది. కార్డ్‌కు కూడా సగటు ఇదే సూత్రం. సందీప్ తన కార్డ్ పుస్తకంలో ఆ అర ఎక్కడి నుంచి ఊడిపడిందో ఇప్పుడు అర్థమైందన్నాడు.

ఇవాళ్టి పరీక్షలో ఒక వెసులుబాటు తీసుకున్నాం. టేబుళ్ళను నోడ్లు తమంతట తాము నింపుకోలేదు. అందరి ఐడీలూ మాకు తెలుసు కనుక మేమే నింపాం. టేబుల్ ఆకారం వల్ల ఎన్ని హాప్‌లు వస్తాయో విడిగా చూడాలని.

బుధవారం

బకెట్‌కు ఒక్కటే కాకుండా k చిరునామాలు ఉంచడం మొదలుపెట్టాం. కాడెమ్లియా మూల పత్రంలో k 20. బిట్‌టొరెంట్‌లో 8. మేము 8 పెట్టాం. ఇప్పుడు ఒక నోడును FIND_NODE అనే ప్రశ్న అడిగితే ఒక్క చిరునామా కాదు, కీకి తనకు తెలిసినంతలో దగ్గరివి ఎనిమిది ఇస్తుంది. వాటిలో కీకి బాగా దగ్గరిదాన్ని ఎంచుకుంటాం కనుక ఒక్కో హాప్‌కు ఒకటి రెండు కాక సగటున నాలుగు బిట్లకు పైగా కలుస్తాయి. 1,024 నోడ్లలో రెండు మూడు హాప్‌లకే పని అయిపోతోంది.

హాప్‌లను లెక్కించడం దగ్గర జాగ్రత్త కావాలి. ఇందులో అడిగే నోడే ప్రతి ఒక్కరినీ నేరుగా అడుగుతుంది, ప్రశ్న చేతులు మారదు. ఒకేసారి ముగ్గురిని అడుగుతుంది. ఆ మూడును α అంటారు. చివర్లో, తాను ఎరిగిన ఎనిమిది మంది దగ్గరివాళ్ళనూ అడిగి, ఎవరూ ఇంకా దగ్గరివాళ్ళను చూపలేదని రూఢి చేసుకున్నాకే ఆగుతుంది. అందుకే మొత్తం ప్రశ్నలు పది పన్నెండు దాటవచ్చు. హాప్‌లు మాత్రం మూడే ఉండవచ్చు. మేము ప్రతి చిరునామాతో పాటు దాని లోతును కూడా రాసుకుంటున్నాం. మొదట మన టేబుల్ నుంచి తీసుకున్నవాటి లోతు 1. వాళ్ళు చూపించినవాటి లోతు 2. జవాబు నోడు ఏ లోతులో దొరికిందో అదే హాప్‌ల సంఖ్య. ప్రశ్నల సంఖ్యనూ హాప్‌ల సంఖ్యనూ కలిపేసి చూసేవాళ్ళకు లాగరిథమ్ ఎక్కడా కనబడదు.

శుక్రవారం

ఇవాళ నోడ్లను తమంతట తామే చేరనిచ్చాం. కొత్త నోడుకు ఒక్క పాత నోడు చిరునామా ఇస్తాం. మిగతాది దాని పని. ఆ పని ఏమిటంటే, చేరగానే తన సొంత ఐడీనే వెతకడం. సందీప్‌కు ఇది వింతగా తోచింది: "నన్ను నేను వెతుక్కుంటే ఏమొస్తుంది?" ఏమొస్తుందో చూడడానికి ఆ ఒక్క వరుసను కావాలనే తీసేసి నడిపాం.

హాప్‌లు తగ్గాయి! సగటు రెండు కూడా లేదు. ఒక్క క్షణం ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. తర్వాత రెండో కొలత తీశాం. సిమ్యులేషన్‌లో అందరి ఐడీలూ మన చేతిలోనే ఉంటాయి కనుక నిజమైన జవాబు మనకు ముందే తెలుసు:

```python
true8 = sorted(all_ids, key=lambda n: n ^ key)[:8]
```

లుకప్, అంటే మా వెతుకులాట, తెచ్చిన ఎనిమిదినీ ఈ ఎనిమిదితో పోల్చాం. చాలా వెతుకులాటల్లో ఒక్కటీ కలవలేదు. హాప్‌లు తగ్గింది దారి దగ్గరై కాదు. దారి మధ్యలో తెగి, లుకప్ అక్కడే ఆగి, అదే గమ్యం అనుకుంది కనుక.

ఎందుకు తెగిందో చూడండి. మొదటి చిరునామాగా అందరికీ ఒకే నోడును ఇచ్చాం. దాని పై బకెట్‌లో చోటు ఎనిమిదే. అవతలి సగం నుంచి వచ్చే 512 మందిలో మొదటి ఎనిమిది మందికి అది నిండిపోతుంది. తొమ్మిదో వాడు వచ్చి పలకరిస్తే, పాతవాళ్ళు బతికే ఉన్నారు కనుక కొత్తవాడిని వదిలేస్తుంది. ఆ తొమ్మిదో వాడు నెట్‌వర్కులో ఉన్నాడు, కానీ అతను ఉన్నాడని ఎవరికీ తెలియదు. సొంత ఐడీని వెతికితే కథ మారుతుంది. ఆ వెతుకులాట అతన్ని అంచెలంచెలుగా తన ఇరుగుపొరుగు దగ్గరికే తీసుకుపోతుంది. అక్కడివాళ్ళ దృష్టిలో అతను దగ్గరివాడు. దగ్గరి బకెట్లలో ఎప్పుడూ చోటు ఉంటుంది, ఎందుకంటే అర్హులే తక్కువ. వాళ్ళు రాసుకుంటారు. ఇక ఆ చుట్టుపక్కల కీ కోసం ఎవరు వచ్చినా అతని దాకా దారి దొరుకుతుంది.

ఇందులో లాగరిథమ్ హామీకి ఉన్న అసలు షరతు బయటపడింది. నెట్‌వర్కులో ఏదైనా ఒక ఉపవృక్షంలో, అంటే ఒకే మొదటి బిట్లున్న ఐడీల గుంపులో, నోడ్లు ఉంటే, దానికి సంబంధించిన నా బకెట్‌లో కనీసం ఒకరైనా బతికి ఉండాలి. ఆ షరతు ఉన్నంతవరకు ప్రతి హాప్‌కూ ఒక మెట్టు దిగుతాం. దగ్గరి బకెట్లలో ఆ షరతు చెడితే తప్పు జవాబు నిశ్శబ్దంగా వస్తుంది, ఎర్రర్ కూడా ఉండదు. అందుకే లాగ్‌లో హాప్‌ల పక్కనే సరిపోలిక సంఖ్యను కూడా అచ్చు వేస్తున్నాం:

```
key=b6... hops=3 queries=14 timeouts=2 match=8/8
```

వరుసను మళ్ళీ పెట్టాక, చేరిన నోడు తన అతి దగ్గరి పొరుగువాడి కన్నా దూరంగా ఉన్న బకెట్లన్నిటినీ ఒకసారి తాజా చేసుకునేలా కూడా రాశాం. ఒక్కో బకెట్ పరిధిలో ఏదో ఒక యాదృచ్ఛిక ఐడీని వెతికితే చాలు. దాంతో దూరపు బకెట్లూ నిండాయి, సరిపోలికలు దాదాపు అన్నీ 8/8కి వచ్చాయి.

మళ్ళీ ఆదివారం

నోడ్లను చంపే రోజు. మూడింట ఒక వంతు నోడ్లను ఒక్కసారిగా ఆపేసి, టేబుళ్ళను సరిచేసుకునే వ్యవధి ఇవ్వకుండా వెంటనే వెతికించాం.

నడిపే ముందు సందీప్ చేత లెక్క వేయించాను. బకెట్‌కు ఒక్క చిరునామానే ఉంటే, ఐదు హాప్‌లలో ప్రతిసారీ బతికున్న వాడే తగలాలి. అవకాశం మూడింట రెండు, ఐదుసార్లు గుణిస్తే 32/243, అంటే సుమారు 13 శాతం. ఎనిమిది చిరునామాలుంటే ఒక బకెట్‌లోని ఎనిమిది మందీ పోయి ఉండే అవకాశం 6,561లో ఒకటి. అందుకే k పెంచడం వల్ల హాప్‌లు తగ్గడాన్ని నేను కొసరుగానే చూస్తాను. k ఉన్నది దారి తెగకుండా కాపాడడానికి. మూల పత్రం కూడా దాన్ని అలాగే నిర్వచించింది: ఏ k నోడ్లను తీసుకున్నా అవన్నీ గంట వ్యవధిలో కలిసి పోవడం దాదాపు అసంభవం అయ్యేంత పెద్దగా k ఉండాలని.

సరిపోలికలు బాగానే నిలిచాయి. దెబ్బ తిన్నది సమయం. మా టైమౌట్ రెండు సెకన్లు. ఒకే లాప్‌టాప్‌లో నడిచే నోడ్ల మధ్య జవాబు మిల్లీసెకను లోపలే వస్తుంది. కాబట్టి ఒక్క చచ్చిన నోడు కోసం ఎదురుచూడడం ముందు హాప్‌లన్నీ సోదిలోకి రావు. α విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒక్కరినే అడిగితే మూడింట ఒకసారి రెండు సెకన్లు వృథా. ముగ్గురిని ఒకేసారి అడిగితే ముగ్గురూ చచ్చినవాళ్ళే అయ్యే అవకాశం 27లో ఒకటి. మిగతా సందర్భాల్లో బతికున్న వాడి జవాబుతో ముందుకు పోవచ్చు, చచ్చిన వాడి గడువు వెనకాల గడుస్తుంటుంది. అయితే చివరి ఎనిమిది మందినీ రూఢి చేసుకునే దశలో మాత్రం ఆగక తప్పదు.

బకెట్ నిండితే కొత్తవాడిని కాదని పాతవాడిని ఉంచుకునే నియమం మీద సందీప్‌కు మొదటినుంచీ అనుమానమే. కొత్తవాళ్ళు తాజాగా ఉంటారు కదా అని. కాడెమ్లియా రచయితలు గ్నుటెల్లా నెట్‌వర్కులో వేరేవాళ్ళు సేకరించిన కొలతలను చూపించి చెప్పింది దానికి తలకిందులు: ఒక నోడు ఇప్పటికే ఎంత ఎక్కువసేపు నిలిచి ఉంటే, మరో గంట నిలిచే అవకాశం అంత ఎక్కువ. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఎవడైనా వేల కొత్త నోడ్లను గుమ్మరించి టేబుళ్ళను నింపేద్దామనుకున్నా, పాతవాళ్ళు బతికున్నంతవరకు వాళ్ళకు చోటు దొరకదు.

మంగళవారం

లాప్‌టాప్ దాటి బయటికి వచ్చాం. మా ఇంటి వైఫై మీద రెండు యంత్రాలు, సందీప్ స్నేహితుడి పీజీ హాస్టల్లో ఒకటి, నా ఫోను హాట్‌స్పాట్ మీద మరొకటి. అన్నీ యూడీపీ. బయటివాళ్ళు చేరగలిగేలా ఒక అద్దె సర్వరు మీద మొదటి నోడు.

హాట్‌స్పాట్ నోడు గడబిడ చేసింది. అది ఎవరినైనా అడగగలదు, జవాబులూ అందుకుంటుంది. కానీ అది ఉన్నది మొబైల్ నెట్‌వర్కు నాట్ వెనక, అంటే చాలా ఫోన్లు ఒకే బయటి చిరునామాను పంచుకునే ఏర్పాటు వెనక. బయటివాళ్ళు తమంతట తాము దాన్ని పలకరిస్తే అందదు. అయినా అది ప్రశ్నలు అడుగుతూ ఉండడం వల్ల అందరి టేబుళ్ళలోకీ చేరిపోయింది. లాగ్‌లో దీని ఆనవాలు స్పష్టం: ఒకే ఐడీ మీద, వేర్వేరు నోడ్ల నుంచి, వరుసగా టైమౌట్లు.

ప్రశ్న అడిగినంత మాత్రాన టేబుల్‌లో చేర్చకుండా, ఉన్నావా అని మనం పంపిన పింగ్‌కు జవాబిస్తేనే చేర్చాలన్నది మొదటి దిద్దుబాటు. బిట్‌టొరెంట్ నిర్దేశం కూడా మనకు ఒక్కసారైనా జవాబిచ్చిన నోడునే మంచి నోడుగా లెక్కిస్తుంది. సగం సమస్య పోయింది, సగం మిగిలింది. హాట్‌స్పాట్ నోడు సర్వరును పలకరించినప్పుడు ఆ ఒక్క సర్వరు కోసం నాట్‌లో ద్వారం తెరుచుకుంటుంది. సర్వరు వెంటనే పింగ్ చేస్తే జవాబు వస్తుంది. ఇదేదో మంచి నోడే అనుకుని సర్వరు దాన్ని పీజీలోని నోడుకు చూపిస్తుంది. వాళ్ళకు ద్వారం మూసే ఉంటుంది.

బయటినుంచి పరీక్షించి దీన్ని పూర్తిగా పసిగట్టడం కష్టం. ఆ నోడే ముందుకొచ్చి తన సంగతి చెప్పాలి. బిట్‌టొరెంట్‌లో ఇందుకు `ro` అనే గుర్తు ఉంది: నేను అడుగుతాను గానీ నన్ను టేబుల్‌లో రాసుకోవద్దు అని. మేమూ మా సందేశాల్లో అదే పెట్టాం. చేరగానే కొత్త నోడు సర్వరును ఒక కోరిక కోరుతుంది: నాకు తెలియని మరో నోడు చేత నన్ను పింగ్ చేయించు. ఆ పింగ్ అందకపోతే తనంతట తానే `ro=1` పెట్టుకుంటుంది. హాట్‌స్పాట్ నోడు ఇప్పుడు వెతకగలదు. ఎవరి దారికీ అడ్డం రాదు. దాని దగ్గర కీలు దాచే పని కూడా ఎవరూ పెట్టుకోరు.

ఇక మిగిలింది దాచిన విలువలను గంటకోసారి తిరిగి అప్పటి అతి దగ్గరి ఎనిమిది మందికి పంచే భాగం. కీకి దగ్గరగా కొత్త నోడు చేరితే, అలా తిరిగి పంచేవరకు విలువ దాని దగ్గర ఉండదు. లుకప్ సరైన చోటికే వెళ్ళినా ఆ నోడు చేతులు ఖాళీగా ఉంటాయి. ఎనిమిది మందిలో పాతవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ప్రస్తుతానికి బండి నడుస్తోంది. STORE టైమర్ రాసే పని సందీప్ తీసుకున్నాడు. పది నిమిషాలకోసారి కొన్ని నోడ్లను ఆపి, అన్నే కొత్తవి చేర్చే స్క్రిప్టు నేను రాస్తున్నాను.